మార్కెట్లో ఈకలు పీకే మెషిన్ దగ్గర పని, ఇంట్లో కోళ్ళు చనిపోతున్నాయి. ఇప్పుడేం చేయాలి?

పెరటిగడప
మా ఆయన బతికున్న కోళ్ళు అమ్మే మార్కెట్లో పని చేస్తారు. కోసిన కోడిని వేడినీళ్ళలో ముంచి, ఈకలు పీకే మెషిన్‌లో వేసి బయటికి తీయడం ఆయన పని. తెల్లవారుజామున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ఆ మెషిన్ ముందే నిలబడాలి. చేతులకు రబ్బరు గ్లవుజులు, ముఖానికి గుడ్డ మాస్కు, అంతే.

ఇంట్లో ఏడు కోళ్ళు, రెండు బాతులు పెంచుతున్నాం. నిన్న పొద్దున గూడు తెరిస్తే రెండు కోళ్ళు చచ్చి పడున్నాయి. ముందు రోజు సాయంత్రం దాకా బాగానే తిరిగాయి. ఈ రోజు ఇంకోటి పోయింది. బాతులకు ఏమీ కాలేదు. మా అత్తగారు మొదటి రెండింటినీ వట్టి చేతులతోనే తీసి పెరటి చివర గోతిలో వేశారు. మూడోది ఇంకా గూట్లోనే ఉంది, నేను ముట్టుకోలేదు.

మా ఆయనకు నిన్నటి నుంచి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మార్కెట్లో బ్లీచింగ్ వల్ల అంటున్నారు. జ్వరం లేదు. గూట్లో ఉన్నదాన్ని ఎలా తీయాలి? ఆయన రేపు పనికి వెళ్ళొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

గంపకింద
ఇది కొక్కెర తెగులులా ఉంది. టీకా వేయించారా? బర్డ్ ఫ్లూ అయితే బాతులు కూడా పోవాలి కదా. అవి బాగున్నాయంటే భయం లేదు.

పశువైద్యం_పాతకాపు
గంపకింద గారు, కొక్కెర తెగులు కావచ్చు, కాదనను. కానీ బాతులు బాగున్నాయి కాబట్టి బర్డ్ ఫ్లూ కాదు అనే లెక్క మాత్రం తప్పు. బాతులు ఈ వైరస్‌ను కడుపులో పెట్టుకుని ఏ లక్షణమూ లేకుండా తిరగగలవు. అదే రెట్ట పడిన నీళ్ళు తాగిన కోళ్ళు ఒకట్రెండు రోజుల్లో పోతాయి. ఒకే గూట్లో కోళ్ళు చస్తూ బాతులు బాగుండటం నాకు ఇంకా ఎక్కువ అనుమానం కలిగించే విషయం.

రెండు జబ్బుల్లోనూ హఠాత్తు చావు ఉంటుంది, పచ్చటి పారుడు ఉంటుంది, మెడ తిరగడం ఉంటుంది. తలమీది జుట్టు నీలంగా మారడం, కాళ్ళ మీద రక్తపు చారలు కనిపిస్తే బర్డ్ ఫ్లూ అనుమానం పెరుగుతుంది, అంతే. ఇన్నేళ్ళు కోళ్ళను చూసిన నేను కూడా చూసి తేల్చలేను. శాంపిల్ ల్యాబ్‌కు వెళ్ళాల్సిందే.

పెరటిగడప గారూ, మీరు ముందు చేయాల్సింది దగ్గర్లోని పశువైద్యాధికారికి ఫోన్ చేయడం. "రెండు రోజుల్లో ఏడింట్లో మూడు పోయాయి, ఇంట్లో మనిషి కోళ్ళ మార్కెట్లో పని చేస్తాడు" అని ఈ రెండు మాటలూ కలిపి చెప్పండి. మూడో కోడిని పాతిపెట్టకండి, కడగకండి, కోసి చూడకండి. ల్యాబ్‌కు కావాల్సింది అదే. గోతిలో వేసిన రెండింటినీ తవ్వి తీయకండి, కుక్కలూ పిల్లులూ తవ్వకుండా పైన బరువైన రేకో చెక్కో పెట్టండి.

పెరటిగడప
ఫోన్ చేశాను. రేపు పొద్దున మనిషిని పంపుతామన్నారు. అప్పటిదాకా కోడి గూట్లోనే ఉంటే మిగతావాటికి అంటదా?

పశువైద్యం_పాతకాపు
అంటాల్సింది ఈపాటికి అంటుకుని ఉంటుంది. అయినా మిగతా కోళ్ళు దాన్ని పొడుస్తాయి కాబట్టి వేరు చేయడం మంచిదే. ఇలా చేయండి.

ఒక్కరే వెళ్ళాలి, గర్భిణులు, పిల్లలు, వయసు మళ్ళినవాళ్ళు వద్దు. పాత బట్టలు, బూట్లు, గ్లవుజులు, చుట్టూ మూసుకునే కళ్ళజోడు, బిగుతైన మాస్కు. ముందు ఆ కోడి మీద, చుట్టూ ఉన్న ఈకల మీద సబ్బునీళ్ళు మెల్లగా చిలకరించండి. పైపుతో జోరుగా కొట్టకండి, తుంపర లేస్తుంది. మందపాటి ప్లాస్టిక్ సంచీని చేతికి తొడుక్కుని, దానితోనే కోడిని పట్టుకుని, సంచీని దాని మీదుగా తిరగేయండి. మెడ కట్టేసి ఇంకో సంచీలో పెట్టండి. నీడలో, చల్లగా ఉండే చోట, మూత ఉన్న డబ్బాలో ఉంచండి. ఇంట్లో తిండి పెట్టుకునే ఫ్రిజ్‌లో మాత్రం వద్దు.

గూటిని మాత్రం రేపు ఆ మనిషి వచ్చిపోయేదాకా ఊడ్చకండి. పొడి చీపురుతో అసలే వద్దు.

నిప్పుకోడి
అసలు ఇప్పుడు చికెన్ తినొచ్చా, గుడ్లు తినొచ్చా? మా ఇంట్లో రోజూ ఇదే గొడవ.

అరుగుమీద
70 డిగ్రీలు దాటి ఉడికితే వైరస్ చచ్చిపోతుంది, అంతటా ఇదే చెప్తున్నారు. కాబట్టి మార్కెట్ వాళ్ళు కూడా అనవసరంగా భయపడుతున్నారని నా అభిప్రాయం. ఆ వేడినీళ్ళలో ముంచినప్పుడే సగం పోతుంది.

రాత్రిడ్యూటీ
నిప్పుకోడి, బాగా ఉడికినది తినొచ్చు. ఇక్కడి ప్రశ్న అది కాదు.

అరుగుమీద గారు చెప్పింది గిన్నెలో ఉన్న కూరకు సరిపోతుంది. ఈమె భర్త నిలబడేది గిన్నెకు చాలా ముందు. కోయడం, రక్తం కారడం, రెక్కలు కొట్టుకోవడం, ఈకలు పీకడం, పేగులు తీయడం, వీటిలో ఏదీ 70 డిగ్రీల దగ్గర జరగదు. ముంచే నీళ్ళు వేడిగా ఉన్నా కోడి అందులో ఉండేది నిమిషమో రెండు నిమిషాలో. గొంతులో, పేగుల్లో ఉన్న వైరస్‌కు ఆ వేడి తగలదు. మనుషులకు సోకిన కేసులు చాలా మటుకు జబ్బు కోడిని, చచ్చిన కోడిని చేత్తో పట్టుకున్నవాళ్ళలో, కోసి శుభ్రం చేసినవాళ్ళలో, మార్కెట్లో తిరిగినవాళ్ళలో వచ్చినవే.

పెరటిగడప గారూ, నాకు ఎక్కువ పట్టింపు ఆ కళ్ళ గురించి. నేను ఆస్పత్రిలో నర్సును. కళ్ళు ఎర్రబడటాన్ని చిన్నదిగా తీసుకోకండి. 2003లో నెదర్లాండ్స్‌లో కోళ్ళ ఫారాల్లో హెచ్7ఎన్7 అనే బర్డ్ ఫ్లూ రకం వచ్చినప్పుడు 89 మందికి సోకినట్టు తేలింది. వాళ్ళలో ఎక్కువ మందికి వచ్చింది కళ్ళకలకే. ఒక పశువైద్యుడు మాత్రం న్యుమోనియాతో చనిపోయారు. 2024లో అమెరికాలో హెచ్5ఎన్1 అనే ఇంకో రకం సోకిన పాడి కార్మికుల్లో కూడా కళ్ళు ఎర్రబడటమే ముఖ్య లక్షణంగా కనిపించింది. ముక్కూ నోరూ మూసుకుని కళ్ళు వదిలేస్తే సగం పనే చేసినట్టు.

మెషిన్_ముందు
నేనూ అదే పనిలో ఉన్నాను, కాబట్టి ఇంకో వైపు చెప్తాను. మా దగ్గర అందరికీ కళ్ళు ఎర్రబడతాయి. రెట్ట మీద బ్లీచింగ్ పోస్తే లేచే ఘాటుకు ముక్కు కూడా మండుతుంది. ప్రతి ఎర్ర కంటికీ బర్డ్ ఫ్లూ అంటే మార్కెట్ మొత్తం ఆస్పత్రిలోనే ఉండాలి.

రాత్రిడ్యూటీ
మీ మాటలో నిజం ఉంది. రెట్టలో అమోనియా ఉంటుంది, దానికి బ్లీచింగ్ కలిస్తే వచ్చే వాయువు కళ్ళను మండిస్తుంది. అందుకే తేడా అడుగుతాను. ఘాటు వల్ల అయితే ఆ పని చేస్తున్నప్పుడు రెండు కళ్ళూ మండి, బయటికొచ్చి మంచినీళ్ళతో కడిగితే కాసేపటికి తగ్గుముఖం పడుతుంది. రాత్రి పడుకుని లేచినా తగ్గకపోతే, ఊసి కడుతుంటే, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంటే అది వేరే సంగతి. ఈయనకు నిన్నటి నుంచి ఉంది, పైగా ఇంట్లో కోళ్ళు పోతున్నాయి. ఈ రెండూ కలిశాక ఇది ఘాటేనని ఇంట్లో కూర్చుని తేల్చకూడదు.

రేపు పనికి వద్దు. ఆస్పత్రికి వెళ్ళేముందు ఫోన్ చేయాలి, మాస్కు పెట్టుకుని వెళ్ళాలి. వెళ్ళగానే "నేను కోళ్ళు కోసే చోట పని చేస్తాను, ఇంట్లో కోళ్ళు చనిపోయాయి" అని ఆయనే ముందు చెప్పాలి. కంటి నుంచి, ముక్కు గొంతు నుంచి రెండు చోట్లా శాంపిల్ తీయమని అడగాలి. కన్ను మాత్రమే ఎర్రగా ఉన్న మనిషికి ముక్కులో తీసిన శాంపిల్‌లో ఏమీ దొరక్కపోవచ్చు.

తోటలో_గువ్వ
రాత్రిడ్యూటీ చెప్పిన మాట వంద శాతం కరెక్ట్. మా అన్నయ్య బాతుల్ని పెంచుతాడు. జ్వరం వచ్చి వెళితే డాక్టరు పక్షుల సంగతి అడగనే లేదు, ఆయనా చెప్పలేదు. మామూలు జలుబు మాత్రలు రాసిచ్చి పంపించారు. తర్వాత అది బర్డ్ ఫ్లూ కాదని తేలింది, అది వేరే విషయం. కానీ అడగకపోతే ఎవరికీ గుర్తురాదు.

గంపకింద
మరి ఆ టామిఫ్లూ మాత్రలు ముందే వేసేసుకుంటే సరిపోదా? ఇంట్లో అందరికీ తలా ఒకటి.

రాత్రిడ్యూటీ
సొంతంగా వద్దు. టామిఫ్లూ అంటే ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు, డాక్టరు రాస్తేనే వాడాలి. లక్షణం ఉన్నవాళ్ళకు మాత్రం ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా మొదలుపెడతారు, ఎందుకంటే మొదటి 48 గంటల్లో వేస్తే ఎక్కువ గుణం. లక్షణాలు లేకుండా చచ్చిన కోడిని ముట్టుకున్న అత్తగారి లాంటివాళ్ళకు ఇవ్వాలా వద్దా అన్నది ఎంత దగ్గరగా, ఎంతసేపు ముట్టుకున్నారు అన్నదాన్ని బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. ఒక్కోచోట ఒక్కో పద్ధతి ఉంది.

అత్తగారు, ఆ గూడు దగ్గరికి వెళ్ళిన ప్రతి ఒక్కరూ చివరిసారి ముట్టుకున్న రోజు నుంచి 10 రోజులు గమనించుకోవాలి. జ్వరం, దగ్గు, గొంతునొప్పి, కళ్ళు ఎర్రబడటం, ఆయాసం. ఏది వచ్చినా అదే రోజు ఫోన్. రాజీ పడకండి.

పెరటిగడప
పొద్దున వెళ్ళొచ్చాం. మొదట కంటి చుక్కలు రాసి పంపబోయారు. కోళ్ళ సంగతి చెప్పాక పెద్ద డాక్టరును పిలిచారు. రెండు చోట్లా శాంపిల్ తీసుకున్నారు, మాత్రలు మొదలుపెట్టారు. ఇంట్లో వేరే గదిలో ఉండమన్నారు. పశువైద్యం వాళ్ళు కూడా వచ్చి కోడిని తీసుకెళ్ళారు, మిగతావాటి గొంతులోంచీ తీశారు. రిపోర్టు రావాలి.

ఇప్పుడు మా ఆయన అడుగుతున్నది ఒక్కటే. "తగ్గాక మళ్ళీ ఆ మెషిన్ ముందే నిలబడాలి, అప్పుడు ఏం చేయను?" అని. మెషిన్_ముందు గారు, మీరు ఏం వాడతారు?

మెషిన్_ముందు
ముందు మాస్కు. గుడ్డ మాస్కు అక్కడ పనికిరాదు, ఎన్95 కావాలి. కానీ ఆవిరికీ చెమటకూ అది తడిసిపోతుంది, తడిశాక ఊపిరి ఆడదు. ఊపిరి ఆడకపోతే మనిషి దాన్ని గడ్డం కిందికి లాగుతాడు. అందుకే నేను రెండు మూడు దగ్గర పెట్టుకుని తడవగానే మారుస్తాను. గడ్డం ఉంటే అది ముఖానికి అతుక్కోదు, నేను గీసేసుకున్నాను. మా ఆవిడకు ఆ రోజు పండగ.

కళ్ళకు చుట్టూ మూసుకునే గాగుల్స్. మామూలు కళ్ళజోడు పక్కల నుంచి తుంపర వస్తుంది. గాగుల్స్ మసకబారుతున్నాయంటే సాధారణంగా మాస్కు ముక్కు దగ్గర వదులుగా ఉందని అర్థం. ఊపిరి పైకి తన్నుతోంది. ఆ తీగను రెండు చేతుల వేళ్ళతో నొక్కి సరిచేస్తే మసక బాగా తగ్గుతుంది.

అన్నిటికన్నా నాకు పనికొచ్చింది మాత్రం మెషిన్‌కు మూత. మా దగ్గర డ్రమ్ము పైన తెరిచే ఉండేది. తిరిగేటప్పుడు తడి ఈకలు, రక్తం, రెట్ట కలిసిన సన్నటి జల్లు సరిగ్గా ముఖం ఎత్తుకు లేచేది. రేకు మూత పెట్టించాం. డ్రమ్ము పూర్తిగా ఆగాక తీస్తాం. గాగుల్స్ మీద పడే చుక్కలు అంతకుముందుతో పోలిస్తే చాలా తక్కువ.

పశువైద్యం_పాతకాపు
మూత గురించి మెషిన్_ముందు చెప్పినదానికి ల్యాబ్ ఆధారం ఉంది. అమెరికాలో పరిశోధకులు హెచ్5ఎన్1 సోకిన కోళ్ళను మార్కెట్లో చేసినట్టే కోసి, శుభ్రం చేసి చూశారు, 2017లో ప్రచురించారు. గాలిలోకి లేచిన వైరస్ దగ్గర పెట్టిన వేరే కోళ్ళకూ ఫెరెట్లు అనే చిన్న జంతువులకూ సోకింది, అవి ఆ కోళ్ళను ముట్టుకోకుండానే. మాస్కు ఒక్క మనిషినే కాపాడుతుంది. మూత ఆ చుట్టుపక్కల నిలబడ్డ అందరినీ, కొనడానికి వచ్చినవాళ్ళనూ కాపాడుతుంది.

అరుగుమీద
మా పక్కింటాయన గ్లవుజులు వేసుకుని రోజంతా అదే చేత్తో ముక్కు గోక్కుంటాడు, ఫోన్ మాట్లాడతాడు, తింటాడు కూడా. ఆ గ్లవుజులు చేతిని కాపాడుతున్నాయి, మనిషిని కాదు.

రాత్రిడ్యూటీ
ఇది మంచి మాట, అరుగుమీద గారు. గ్లవుజుల కన్నా తీసే క్రమం ముఖ్యం. పని అయ్యాక గ్లవుజులు ఉండగానే బూట్లు, ఏప్రన్ సబ్బునీళ్ళతో కడగాలి. ఏప్రన్ విప్పాలి, బూట్లు విప్పాలి. తర్వాత గ్లవుజులు లోపలివైపు బయటికి వచ్చేలా తీసేయాలి. అప్పుడు చేతులు సబ్బుతో కడగాలి. ఆ తర్వాతే గాగుల్స్, అదీ వెనక పట్టీ పట్టుకుని. ఆ జాగా దాటి బయటికి వచ్చాక చివరగా మాస్కు, మళ్ళీ చేతులు. ముందే మాస్కు లాగేస్తే, అప్పటిదాకా బయట ఉన్న మురికి చేయి నేరుగా నోటి దగ్గరికి వస్తుంది.

తోటలో_గువ్వ
బట్టలు? మా అన్నయ్య అవే బట్టలతో ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకుంటాడు, నేను పోట్లాడుతుంటాను.

పశువైద్యం_పాతకాపు
పోట్లాట మానకండి. పెరటిగడప గారి ఇంట్లో వైరస్సే అని తేలితే, అది ఎలా వచ్చి ఉంటుందన్న ప్రశ్నకు రెండు దారులు ఉన్నాయి. బయటి కొంగలు, అడవి బాతులు దిగే నీళ్ళ నుంచి రావచ్చు, లేదా మార్కెట్ నుంచి ఆయన బూటు అడుగున అంటిన రెట్టతో రావచ్చు. చల్లటి తడి రెట్టలో ఇది వారాల తరబడి బతుకుతుంది. అందుకే మార్కెట్ బూట్లు మార్కెట్లోనే ఉండాలి. బట్టలు అక్కడే మార్చుకుని, సంచీలో కట్టి తెచ్చి, దులపకుండా నేరుగా సబ్బు వేడినీళ్ళలో వేయాలి. స్నానం చేశాకే గూడు వైపు వెళ్ళాలి, వీలైతే గూడు పని ఇంట్లో వేరేవాళ్ళకు ఇచ్చేయాలి. గూడు గడప దగ్గర విడిగా ఒక జత చెప్పులు పెట్టండి, అవి అక్కడి నుంచి కదలకూడదు.

గంపకింద
గూడు కడగడానికి బ్లీచింగ్ పొడి, సున్నం కలిపి పైన చల్లేస్తే చాలు కదా? మా దగ్గర ఎప్పుడూ అదే చేస్తారు.

పశువైద్యం_పాతకాపు
తెల్లగా కనిపిస్తుంది, పని మాత్రం చాలా తక్కువ జరుగుతుంది. రెట్ట, ఈకలు, మట్టి బ్లీచింగ్ బలాన్ని తినేస్తాయి. ముందు సబ్బునీళ్ళతో తడిపి రెట్ట గీకి తీసేయాలి. సబ్బుతో రుద్ది, కడిగి, నీళ్ళు ఓడ్చేయాలి. అప్పుడు బ్లీచింగ్.

కొత్త ప్యాకెట్ పొడిలో దాదాపు 30 శాతం క్లోరిన్ ఉంటుంది అనుకుంటే, 10 లీటర్ల బకెట్‌కు 170 గ్రాములు కలిపితే అర శాతం ద్రావణం వస్తుంది. తేరిన నీళ్ళు వాడండి. తడి ఆరకుండా 10 నిమిషాలు ఉండాలి. పోసి వెంటనే కడిగేస్తే లాభం లేదు. తెరిచి నెలలైన ప్యాకెట్ బలం పోయి ఉంటుంది. యాసిడ్‌తో కలపకండి. ముందు రెట్ట తీసేస్తే మెషిన్_ముందు చెప్పిన ఆ ఘాటు కూడా చాలా తగ్గుతుంది.

నిప్పుకోడి
కడిగాక కొత్త కోళ్ళు ఎప్పుడు తెచ్చుకోవచ్చు? రెండు వారాలు చాలంటారు.

గంపకింద
నేను నెల అని విన్నాను.

పశువైద్యం_పాతకాపు
రిపోర్టు బర్డ్ ఫ్లూ అని వస్తే ఆ తేదీ మన చేతిలో ఉండదు, అధికారులు చెప్పేదాకా ఆగాలి. ఎండ బాగా తగిలే పొడి గూడుకూ నీడలో తడిగా ఉండే గూడుకూ ఒకే లెక్క చెప్పలేం.

మెషిన్_ముందు
నాదొక ప్రశ్న. మా యజమాని మూతకు ఒప్పుకున్నాడు, మాస్కులు కొంటున్నాడు. కానీ వారానికి ఒక రోజు మార్కెట్ మొత్తం ఖాళీ చేసి కడుగుదామంటే వినడు. అమ్ముడుపోని కోళ్ళు రాత్రి అక్కడే ఉంటాయి, పొద్దున కొత్తవి వచ్చి వాటితో కలుస్తాయి. దీనివల్ల నిజంగా తేడా ఉంటుందా?

పశువైద్యం_పాతకాపు
చాలా ఉంటుంది. 1997లో హాంకాంగ్‌లో హెచ్5ఎన్1 మనుషులకు మొదటిసారి సోకినప్పుడు 18 మందికి జబ్బు చేసి 6 మంది చనిపోయారు. మార్కెట్లే మూలమని తేలి అక్కడి కోళ్ళన్నిటినీ చంపాల్సి వచ్చింది. తర్వాత వాళ్ళు బాతుల్ని కోళ్ళ నుంచి వేరు చేశారు. 2001 నుంచి నెలలో ఒక రోజు దుకాణాలన్నీ ఖాళీ చేసి కడగడం పెట్టారు. 2008 నుంచి రాత్రి బతికున్న కోడి మార్కెట్లో ఉండకూడదన్నారు. కోళ్ళ మధ్య వైరస్ గొలుసు తెగాలంటే ఏదో ఒక గంటకు అక్కడ ఒక్క పక్షీ ఉండకూడదు. రోజూ పాతవి కొన్ని మిగిలితే ఆ గొలుసు తెగదు.

మీ యజమానికి ఇంకో మాట చెప్పండి. చైనాలో 2013లో వచ్చిన హెచ్7ఎన్9 రకం మొదట్లో కోళ్ళను చంపలేదు. కోళ్ళు ఆరోగ్యంగా కనిపిస్తూనే మనుషులు జబ్బుపడ్డారు. షాంఘైలో, ఇంకొన్ని నగరాల్లో మార్కెట్లు మూశాక కేసులు ఒక్కసారిగా పడిపోయాయి. "నా కోళ్ళు బాగున్నాయి" అన్న ధీమా అన్ని రకాలకూ చెల్లదు.

అరుగుమీద
మూసేస్తే రోజుకూలీ మీద బతికేవాళ్ళ సంగతి ఏమిటి? ఆ రోజు కూలీ ఎవరిస్తారు? ఖాళీ రోజు మంచిదే అనుకుందాం, దాని ఖర్చు మాత్రం మెషిన్ ముందు నిలబడేవాడి మీదే పడుతుంది.

మెషిన్_ముందు
అదే అసలు అడ్డం. యజమాని కూడా దీనికే తల అడ్డంగా ఊపుతున్నాడు. రాత్రి మిగిలినవాటిని వేరే గదిలో, వేరే గంపల్లో పెడదామని అడిగి చూస్తాను. పూర్తిగా ఖాళీ కాకపోయినా కొత్తవాటితో కలవకుండా ఉంటాయి.

పశువైద్యం_పాతకాపు
అది ఖాళీ రోజుతో సమానం కాదు. కానీ ఆ గంపల్ని రాత్రే సబ్బుతో రుద్ది కడిగి ఆరబెడితే, ఏమీ చేయకపోవడం కన్నా మేలు. గంపలు వెదురువి అయితే సందుల్లో రెట్ట పోదు, ప్లాస్టిక్‌వి అడగండి.

పెరటిగడప
మా ఆయన రిపోర్టు వచ్చింది, కంటి శాంపిల్‌లోనూ గొంతు శాంపిల్‌లోనూ ఏమీ లేదన్నారు. అయినా 10 రోజులూ గమనించుకోమన్నారు. కళ్ళు తెరిపినపడ్డాయి. కోళ్ళ రిపోర్టు ఇంకా రాలేదు. ఈలోగా ఇంకో కోడి పోయింది, మీరు చెప్పినట్టే సంచీలో పెట్టి ఫోన్ చేశాను. అత్తగారికి ఏ ఇబ్బందీ లేదు.

ఒక్కటి మిగిలింది. మా పిల్లి గూటి చుట్టూ తిరుగుతోంది. దానికీ వస్తుందా?

పశువైద్యం_పాతకాపు
వస్తుంది. పిల్లులకు ఇది సోకి చనిపోయిన కేసులు చాలా ఉన్నాయి. కోళ్ళ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లోనే కట్టడి చేయండి, పచ్చి మాంసం పెట్టకండి. మత్తుగా పడున్నా, ఊపిరికి ఎగశ్వాసపడినా వట్టి చేతులతో పట్టుకోకుండా, కోళ్ళకు చేసినట్టే పశువైద్యాధికారికి ఫోన్ చేయండి.

రాత్రిడ్యూటీ
అత్తగారికి రోజూ రెండు పూటలా జ్వరం చూసి కాగితం మీద రాయండి. ఇంకో కోడిని సంచీలో పెట్టింది మీరే కాబట్టి మీ 10 రోజులు ఈ రోజు నుంచి లెక్క.